మూడు ల్యాబులు మారాయి, ట్యూబ్ మాత్రం మారలేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం మల్కాజిగిరిలో ఉంటాం. మా అమ్మకు 56 ఏళ్లు. గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు ఆపరేషన్ అనుకున్నాక సీబీపీ చేయిస్తే ప్లేట్‌లెట్లు 41,000 వచ్చాయి. నమ్మకం కుదరక ఇంకో ల్యాబులో చేయిస్తే 68,000, మూడో చోట 33,000. జ్వరం లేదు, ఒంటి మీద మచ్చల్లేవు, ఎక్కడా రక్తం కారలేదు. ఆపరేషన్ వాయిదా వేసి స్టెరాయిడ్ మాత్రలు రాశారు, ఇంకా మొదలుపెట్టలేదు. తెలిసినాయన 'స్మియర్ చూడమనండి, సిట్రేట్ ట్యూబ్‌లో చేయించండి' అన్నారు. అదేమిటి? దాంతో తేలుతుందా?

సమాధానం:

తేలుతుంది, అదీ ఒక్క ఉదయంలోనే. మీకు సలహా ఇచ్చినాయనకు ఈ పని బాగా తెలిసినట్టుంది. నేను పాథాలజిస్టుని. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లోనే స్లైడ్లు చూస్తున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ మూడు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని ప్లేట్‌లెట్ అంకె కాకుండా ఇంకో రెండు సంగతులు చూడండి. ఒకటి, శాంపిల్ తీసిన సమయం, టెస్ట్ చేసిన సమయం. చాలా రిపోర్టుల్లో పైన చిన్న అక్షరాలతో రెండూ ఉంటాయి. రెండోది, కింద రిమార్కుల దగ్గర 'ప్లేట్‌లెట్ క్లంప్స్' అనో 'స్మియర్‌తో సరిచూసుకోవాలి' అనో ఏమైనా రాశారా అన్నది. 68,000 వచ్చిన చోట రక్తం తీసిన కాసేపటికే మెషీన్‌లో పెట్టి, 33,000 వచ్చిన చోట గంటల తర్వాత పెట్టి ఉంటే, నా అనుమానం నేరుగా ట్యూబ్ మీదికే పోతుంది. ఎందుకో చెప్తాను.

సీబీపీకి రక్తం తీసేది ఊదా రంగు మూత ఉన్న ట్యూబ్‌లోకి. అందులో ఈడీటీఏ అనే ఉప్పు ఉంటుంది. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి. ఈడీటీఏ ఆ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, దాంతో రక్తం నీళ్లలా ఉండిపోతుంది. కణాల ఆకారం కూడా బాగా నిలుస్తుంది. అందుకే ఏ ల్యాబుకి వెళ్లినా సీబీపీకి ఇదే ట్యూబ్ వాడతారు. మీరు మూడు ల్యాబులు మార్చారు, ముగ్గురూ తీసింది ఊదా ట్యూబ్‌లోకే.

ప్లేట్‌లెట్ పైపొర మీద జీపీ టూబీ-త్రీఏ అనే ప్రోటీన్ జంట ఒకటి ఉంటుంది. ఆ రెండింటినీ ఒకదానికొకటి అతుక్కునేలా పట్టి ఉంచేది కాల్షియమే. ఈడీటీఏ కాల్షియాన్ని లాగేయగానే ఆ జంట ఆకారం మారి, మామూలుగా లోపల దాగి ఉండే భాగం ఒకటి బయటపడుతుంది. కొందరి రక్తంలో సరిగ్గా ఆ భాగాన్నే పట్టుకునే యాంటీబాడీలు ఉంటాయి. ఒంట్లో ఆ భాగం ఎప్పుడూ బయటపడదు కాబట్టి అవి అక్కడ ఏమీ చేయవు. ట్యూబ్‌లో పడ్డాకే ప్లేట్‌లెట్లను పట్టుకుని, ఒకదానికొకటి అంటించి, ముద్దలు కట్టిస్తాయి. అంటే ఈ మొత్తం వ్యవహారం జరిగేది ట్యూబ్‌లో, మీ అమ్మగారి రక్తనాళాల్లో కాదు. దీన్నే సూడోథ్రాంబోసైటోపీనియా అంటాం, ప్లేట్‌లెట్లు తగ్గినట్టు కనబడటం అని అర్థం. ఇలాంటివాళ్లు వెయ్యి మందిలో ఒకరు, కాస్త అటూ ఇటూగా ఉంటారు. రోజూ వందల శాంపిళ్లు చూసే ల్యాబులో ఇది అరుదైన విషయమేమీ కాదు.

ఇక మెషీన్ సంగతి. దానికి ప్లేట్‌లెట్ అంటే ఏమిటో తెలియదు, సైజు మాత్రమే తెలుసు. సన్నటి రంధ్రం గుండా కణాలు ఒక్కొక్కటే వెళ్తుంటే ఫలానా సైజు లోపు ఉన్నవాటిని ప్లేట్‌లెట్ల కింద లెక్కవేస్తుంది. యాభై ప్లేట్‌లెట్లు ఒక ముద్దగా అతుక్కుని వస్తే అది ఆ సైజు దాటిపోతుంది, యాభైకి బదులు సున్నా పడుతుంది. పైగా ఆ ముద్ద ఒక్కోసారి తెల్లకణం సైజులో ఉంటుంది, అప్పుడు అది తెల్లకణాల లెక్కలో కలిసిపోతుంది. అందుకే ఇలాంటి కేసుల్లో ప్లేట్‌లెట్లు పడిపోతున్న కొద్దీ తెల్లకణాలు కొంచెం కొంచెం పెరుగుతూ కనిపించడం కూడా ఉంటుంది. మీ మూడు రిపోర్టుల్లో ఆ అంకె కూడా పోల్చి చూడండి.

మెషీన్ పూర్తిగా మోసపోదు కూడా. తెర మీద `PLT Clumps?` లాంటి హెచ్చరిక వేస్తుంది. ప్లేట్‌లెట్ల గ్రాఫ్ మామూలుగా ఒక గుట్టలా లేచి కుడివైపు సాఫీగా దిగి నేలను తాకాలి. ముద్దలు ఉన్నప్పుడు ఆ కుడి చివర నేలకు దిగకుండా రంపం పళ్లలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఆ హెచ్చరిక టెక్నీషియన్‌కి కనిపిస్తుంది, ప్రింటు తీసిన రిపోర్టులో మీకు కనిపించకపోవచ్చు. డెంగీ రోజుల్లో వరసగా తక్కువ కౌంట్లే వస్తుంటాయి, అప్పుడు ఆ హెచ్చరికను దాటేయడం చాలా తేలిక. నేనూ ఒకసారి దాటేశాను.

అప్పట్లో ఒక ప్రైవేటు ల్యాబులో చేసేవాణ్ణి. ఒక స్కూలు మాస్టారు, హెర్నియా ఆపరేషన్‌కి ముందు పరీక్షలు. వానాకాలం, ట్రేల నిండా జ్వరం శాంపిళ్లు. ఆయనది 36,000 వచ్చింది. స్లైడ్ తీయించి చూడాల్సింది, చూడకుండానే సంతకం పెట్టాను. మూడు రోజుల తర్వాత తెలిసింది, ఆ కౌంట్ చూసి ఆయన్ను అడ్మిట్ చేసుకున్నారనీ, ఎస్‌డీపీ, అంటే ఒకే దాత నుంచి తీసిన ప్లేట్‌లెట్లు ఎక్కించాలన్నారనీ, దాత కోసం ఇంట్లోవాళ్లు కనబడిన గ్రూపులన్నిట్లో మెసేజ్‌లు పెడుతున్నారనీ. అక్కడి బ్లడ్ బ్యాంకులో పెద్దాయన ఒకరు, చాలా సీనియర్ టెక్నీషియన్, బ్యాగు ఇచ్చే ముందు ఒక్క మాట అడిగారట: 'ఒంటి మీద ఒక్క చుక్క కూడా లేదంటున్నారు, స్మియర్ ఎవరైనా చూశారా?' ఎవరూ చూడలేదు. చూడాల్సింది నేను.

మాస్టారిని మా ల్యాబుకే పిలిపించాం. ఈసారి మెషీన్ పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఒకే సూదితో ముందు నీలం మూత ఉన్న సిట్రేట్ ట్యూబ్, తర్వాత ఊదా ట్యూబ్ తీశాం. ఊదా ట్యూబ్‌ని మూడు నిమిషాల్లో మెషీన్‌లో పెడితే ప్లేట్‌లెట్లు 1,90,000. అదే ట్యూబ్‌ని బల్ల మీద ఉంచి అరగంటకు మళ్లీ పెడితే 1,18,000. గంటకు 72,000. రెండు గంటలకు 39,000. తెల్లకణాలు మొదట 7,100 ఉన్నవి చివరికి 9,400 అయ్యాయి. మనిషి ఎదురుగానే కూర్చుని టీ తాగుతున్నారు, ఆయన ఒంట్లో ఏ మార్పూ లేదు. ఆయన రక్తం మాత్రం ట్యూబ్‌లో మా కళ్లముందే 'డేంజర్'లోకి దిగిపోయింది. నీలం ట్యూబ్ పది నిమిషాలకు 1,70,000 చూపించింది, గంటకు 1,66,000. ఆ లెక్కను కొంచెం సరిచేయాలి, అది కింద చెప్తాను. సరిచేస్తే సుమారు 1,87,000, 1,83,000. ఆయన అసలు కౌంట్ అదీ.

ఈ గంటల లెక్కే మన ఊళ్లో ముఖ్యం. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకునే అబ్బాయి పొద్దున్న ఆరింటికి మీ ఇంట్లో మొదలుపెడితే ఇంకో పది ఇళ్లు తిరగాలి. ఆ డబ్బాలో ఐస్ ప్యాకులుంటాయి. అక్కడి నుంచి కలెక్షన్ సెంటర్, అక్కడి నుంచి ట్రాఫిక్‌లో మెయిన్ ల్యాబ్. మూడు నాలుగు గంటలు మామూలే. ఈ యాంటీబాడీలు ఎక్కువ భాగం ఒంటి వేడి దగ్గర కంటే గది చల్లదనంలో, అంతకంటే చల్లగా ఉన్నప్పుడు చురుగ్గా పనిచేస్తాయి. అంటే సమయం, చల్లదనం రెండూ కలిసి ముద్దలు పెంచుతాయి. మామూలు మనిషి రక్తానికి ఆ ప్రయాణం వల్ల పెద్దగా నష్టం లేదు. ఈ యాంటీబాడీ ఉన్నవాళ్లకు మాత్రం ఎంత ఆలస్యమైతే అంకె అంత పడుతుంది. మూడు ల్యాబుల్లో మూడు రకాలుగా వచ్చింది కదా అని ల్యాబులను తిట్టుకోనక్కర్లేదు. మూడూ వేర్వేరు సమయాల్లో పెట్టి ఉంటారు, అంతే కావచ్చు.

స్మియర్ అంటే రక్తం చుక్కను గాజు పలక మీద సన్నగా పరిచి, లీష్మన్ రంగు వేసి మైక్రోస్కోపులో చూడటం. ఇందులో ఎక్కడ చూడాలన్నది తెలియాలి. చుక్కను ఇంకో పలకతో ముందుకు లాగుతాం కాబట్టి బరువైనవి, పెద్దవి కొట్టుకుపోయి చివర అంచులో, పక్కల్లో చేరతాయి. ప్లేట్‌లెట్ ముద్దలు కూడా అక్కడే ఉంటాయి. నేరుగా నూనె వేసి వంద లెన్సుతో మధ్యలో చూస్తే ఒక్కో ఫీల్డులో ఒకటో రెండో ప్లేట్‌లెట్లు కనబడి, 'అవును, నిజంగానే తక్కువున్నాయి' అని రాసేస్తారు. మెషీన్ చేసిన తప్పునే మనిషి కూడా చేసినట్టవుతుంది. అందుకే ముందు పది లెన్సుతో తోక అంచు మొత్తం ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడాలి. మాస్టారి ఊదా ట్యూబ్ స్లైడ్ మధ్యలో ఖాళీగా ఉంది. అంచుకు వచ్చేసరికి ఎర్రకణాల మధ్య వంగపువ్వు రంగులో, తడి బియ్యప్పిండి ఉండలు కట్టినట్టు ముద్దలు. లెన్సు పెంచితే ఒక్కో ముద్దలో విడివిడిగా ఇరవై, ముప్ఫై, యాభై ప్లేట్‌లెట్లు, ఒక్కొక్కదాని గరుకు గింజలతో సహా కనబడ్డాయి. మూడు రోజుల ముందు ఇదే స్లైడ్‌కి ఒక్క నిమిషం ఇచ్చి ఉంటే సరిపోయేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ముద్దలు కనబడితే ఆ స్లైడ్ మీద నుంచి అంకె చెప్పకూడదు. ముద్దల్లో ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేరు. 'ముద్దలు ఉన్నాయి, చూడటానికి తగినన్ని ప్లేట్‌లెట్లు ఉన్నాయి, మెషీన్ కౌంట్ నమ్మదగినది కాదు' అని మాత్రమే రాయాలి. కొంతమంది ఇక్కడ వేలి మీద గుచ్చి నేరుగా స్లైడ్ వేయిస్తారు. ఈడీటీఏ లేదు కాబట్టి మంచి ఆలోచనే. కానీ ఏ రసాయనమూ లేకుండా గాజు మీద పడ్డ ప్లేట్‌లెట్లు ఎవరివైనా సరే కొద్దికొద్దిగా గుంపు కడతాయి, వాటి పనే అది. కాబట్టి వేలి స్లైడులో గుంపులు చూసి 'ఇదే ఆ జబ్బు' అనకూడదు. ప్లేట్‌లెట్లు దండిగా ఉన్నాయా లేవా అన్నంతవరకే అది సాక్ష్యం.

అంకె కావాలంటే సిట్రేట్ ట్యూబ్ కావాలి. లేత నీలం మూత ట్యూబ్. ల్యాబుల్లో దీన్ని పీటీ ట్యూబ్ అంటారు, ఎందుకంటే రోజూ దాన్ని వాడేది రక్తం గడ్డకట్టే సమయం చూసే పీటీ-ఐఎన్ఆర్ టెస్టుకు. మీరు 'సిట్రేట్' అంటే కౌంటర్ దగ్గర అమ్మాయి అయోమయంగా చూడొచ్చు, 'పీటీ ట్యూబ్‌లో ప్లేట్‌లెట్ కౌంట్' అంటే వెంటనే అర్థమవుతుంది. సిట్రేట్ కూడా కాల్షియాన్నే పట్టుకుంటుంది, కానీ ఈడీటీఏ అంత గట్టిగా కాదు. అందుకే ఎక్కువమందిలో ఆ దాగిన భాగం బయటపడదు, ముద్దలు కట్టవు.

ఈ ట్యూబ్‌కి ఒక మెలిక ఉంది. ఊదా ట్యూబ్‌లో మందు గోడలకు పూతలానో, చాలా కొద్దిగానో ఉంటుంది, రక్తం పలచబడటం లెక్కలోకి రాదు. నీలం ట్యూబ్‌లో మాత్రం ద్రవం ఉంటుంది. 0.3 మి.లీ. సిట్రేట్‌లో 2.7 మి.లీ. రక్తం పోయాలి, అంటే తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్. మొత్తం 3 మి.లీ. అవుతుంది కాబట్టి రక్తం ఆ మేరకు పలచబడుతుంది. 3.0 ÷ 2.7 = 1.11. అందుకే మెషీన్ చూపిన అంకెను 1.1తో గుణించాలి. మాస్టారి 1,70,000 అలాగే 1,87,000 అయింది. గుణించారా లేదా అన్నది రిపోర్టులో రాయరు చాలాచోట్ల, అడిగి తెలుసుకోండి.

ఇంకా జాగ్రత్త పడాల్సింది, రక్తం ట్యూబ్ మీది గీత దాకా నిండాలి. సగమే నిండితే 1.35 మి.లీ. రక్తానికి 0.3 మి.లీ. ద్రవం, అప్పుడు 1.22తో గుణించాలి, 1.1తో కాదు. అసలు కౌంట్ 1,10,000 ఉన్న మనిషికి మెషీన్ 90,000 చూపిస్తుంది, 1.1తో గుణిస్తే 99,000 అని రాస్తారు. లక్ష దాటిందా లేదా అని ఎనస్థీషియా డాక్టరు చూసే చోట ఆ తేడాకి విలువుంది. దీన్ని పట్టుకోవడానికి నేను వాడే చిన్న ఉపాయం హిమోగ్లోబిన్. ప్లేట్‌లెట్లు ముద్ద కట్టినా హిమోగ్లోబిన్ మారదు కదా. మాస్టారికి ఊదా ట్యూబ్‌లో 13.2, నీలం ట్యూబ్‌లో 11.9. 11.9ని 1.11తో గుణిస్తే 13.2. రెండూ కలిశాయి, అంటే నీలం ట్యూబ్ సరిగ్గా నిండినట్టే. కలవకపోతే ఆ ట్యూబ్ పక్కన పెట్టి మళ్లీ తీయమంటాను.

ఆ పైన నీలం ట్యూబ్ రక్తంతోనే ఒక స్లైడ్ వేశాం. అంచులో ముద్దల్లేవు. ఇప్పుడు మధ్యలో, ఎర్రకణాలు ఒకదాన్నొకటి తాకీ తాకకుండా ఒకే పొరగా పరచుకున్న చోట, వంద లెన్సుతో పది ఫీల్డులు లెక్కపెట్టాం. మొత్తం 112 ప్లేట్‌లెట్లు, సగటున ఫీల్డుకి 11.2. ఇలాంటి అంచనాకు వాడే 15,000తో దాన్ని గుణిస్తే 1,68,000, సిట్రేట్ సవరణతో సుమారు 1,85,000. ఇది కంటి అంచనా, మెషీన్‌లా కచ్చితం కాదు. అయినా వేర్వేరు దారుల్లో వెళ్లిన రెండు లెక్కలూ ఒకే చోటికి చేరాయి, మూడో నిమిషంలో ఊదా ట్యూబ్ చెప్పిన 1,90,000 కూడా దగ్గర్లోనే ఉంది. అప్పుడు సంతకం పెట్టాను. ఎస్‌డీపీ ఎక్కించలేదు, తర్వాతి వారం ఆపరేషన్ అయింది.

ఇక ఈ కథ మీ అమ్మగారికి వర్తించకపోయే దారులు కూడా చెప్పాలి. లేకపోతే నేను మీకు ఉత్త ఊరట మాత్రమే ఇచ్చినవాణ్ణవుతాను.

మొదటిది, నిజంగానే తక్కువ ఉండొచ్చు. అప్పుడు రెండు ట్యూబుల్లోనూ తక్కువే వస్తుంది, సమయంతో పెద్దగా మారదు, స్లైడ్ అంచులో ముద్దలుండవు, మధ్యలోనూ ప్లేట్‌లెట్లు అరుదుగా కనబడతాయి. అలా వస్తే మీ డాక్టరు గారు అనుమానించిన దారిలోనే వెళ్లాలి. రెండోది, శాంపిల్ తీసేటప్పుడే రక్తం కాస్త గడ్డకట్టడం. నరం దొరక్క చాలాసేపు వెతికినా, ట్యూబ్‌ని తలకిందులుగా నెమ్మదిగా ఎనిమిది పది సార్లు తిప్పకపోయినా ఇలా జరుగుతుంది. ట్యూబ్‌లో పుల్ల పెట్టి తిప్పితే దారంలాంటి గడ్డ అంటుకుని వస్తుంది. అది యాంటీబాడీ వల్ల కాదు, మళ్లీ సరిగ్గా తీస్తే అయిపోతుంది. మూడోది, కొందరికి పుట్టుకతోనే ప్లేట్‌లెట్లు బాగా పెద్దవి. మెషీన్ వాటిని సైజు చూసి వదిలేస్తుంది. ఇది కూడా స్లైడు చూస్తేనే తెలుస్తుంది, దాదాపు ఎర్రకణమంత ప్లేట్‌లెట్లు విడివిడిగా కనబడతాయి. అరుదుగా ఈడీటీఏలో ప్లేట్‌లెట్లు తమలో తాము కాకుండా న్యూట్రోఫిల్ అనే తెల్లకణం చుట్టూ పూసల దండలా అతుక్కోవడం కూడా చూస్తాం. కౌంట్ తగ్గడం ఒకటే, కారణం వేరు.

నాలుగోది సిట్రేట్‌కే సంబంధించింది. ఈడీటీఏతో ముద్దలు కట్టేవాళ్లలో కొద్దిమందికి సిట్రేట్‌లో కూడా కడతాయి, కాకపోతే నెమ్మదిగా. అందుకే నీలం ట్యూబ్ కౌంట్ బాగా వస్తే అది నమ్మదగినదే, తక్కువ వస్తే మాత్రం 'చూశారా, నిజంగానే తక్కువ' అని ముగించకూడదు. నీలం ట్యూబ్ స్లైడ్ అంచు కూడా చూడాలి. అక్కడా ముద్దలుంటే రక్తాన్ని ఒంటి వేడి దగ్గర, 37 డిగ్రీల్లో ఉంచి వెంటనే మెషీన్‌లో పెట్టడం, హెపారిన్ ట్యూబ్ వాడి చూడటం లాంటివి పాథాలజిస్టు చేస్తారు. నా అనుభవంలో మాత్రం, తీసిన చోటే నిమిషాల్లో మెషీన్‌లో పెట్టిన శాంపిల్ చాలాసార్లు సమస్యను అక్కడికక్కడే తేల్చేస్తుంది.

ఇంకో మాట. జ్వరం లేదన్నారు కాబట్టి సరే. ఎప్పుడైనా జ్వరం వచ్చినప్పుడు తక్కువ కౌంట్ వస్తే, అమ్మకి ఎప్పుడూ అంతేలే అని ఊరుకోకండి. ముద్దలు కట్టే గుణం ఉన్న మనిషికి డెంగీ రాకూడదని లేదు. అప్పుడు నీలం ట్యూబ్‌తోనే రోజూ కౌంట్ చూడాలి, ఎందుకంటే పడుతోందో పెరుగుతోందో ఊదా ట్యూబ్ చెప్పలేదు. చిగుళ్ల నుంచి రక్తం, ఎర్రటి సూది మచ్చలు, నల్లటి విరేచనం, తగ్గని కడుపునొప్పి ఉంటే ఏ ట్యూబ్ అన్న చర్చ పెట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

రేపు ఇలా చేయండి. ఇంటికి పిలిపించకండి, కలెక్షన్ సెంటర్‌కీ వద్దు. మెషీన్ అక్కడే ఉండి, పాథాలజిస్టు ఆ సమయానికి కూర్చునే ల్యాబుకో, ఆసుపత్రి ల్యాబుకో అమ్మగారిని తీసుకెళ్లండి. వెళ్లేముందు ఫోన్ చేసి పాథాలజిస్టుతోనే రెండు ముక్కలు మాట్లాడితే సగం పని అయినట్టే. ఊదా, నీలం ట్యూబులు రెండూ ఒకే సూదితో తీయమనండి, నీలం ముందు, ఊదా తర్వాత. సన్న గొట్టం ఉన్న బటర్‌ఫ్లై సూది వాడితే ఆ గొట్టంలోని గాలి మొదటి ట్యూబ్‌లోకి పోయి అది తక్కువ నిండుతుంది, అందుకని ముందు ఒక ఖాళీ ట్యూబ్‌లోకి కొంచెం తీసి పారేయమని గుర్తుచేయండి. ఊదా ట్యూబ్‌ని వెంటనే ఒకసారి, గంట తర్వాత మళ్లీ ఒకసారి పెట్టమని అడగండి. ఆ రెండు అంకెల మధ్య తేడాయే మీ డాక్టరు గారికి అన్నిటికంటే స్పష్టంగా అర్థమయ్యే సాక్ష్యం. రెండు ట్యూబుల స్లైడులూ చూసి ముద్దలున్నాయో లేవో రిపోర్టులో రాసివ్వమనండి.

స్టెరాయిడ్ గురించి. మాత్రలు రాసిన డాక్టరు గారికి ఈరోజే ఫోన్ చేసి, 'స్మియర్, సిట్రేట్ కౌంట్ రేపు వస్తాయి, అప్పటిదాకా ఆగొచ్చా?' అని అడగండి. రక్తం కారడం లేని మనిషికి, కౌంట్ ఇలా పైకీ కిందికీ ఆడుతున్నప్పుడు, ఒక రోజు ఆగడానికి ఏ డాక్టరూ సాధారణంగా అడ్డు చెప్పరు. నిర్ణయం మాత్రం ఆయన్నే తీసుకోనివ్వండి. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఇప్పటికే కొన్ని వారాలుగా స్టెరాయిడ్ వాడుతుంటే, ఒక్కసారిగా మానేయకండి, దాన్ని మెల్లగా తగ్గించాలి. తేలేదాకా అమ్మగారికి బోన్ మ్యారో పరీక్షకు తొందరపడొద్దని నా మాట.

ముద్దలే అని తేలితే దానికి మందు లేదు, అవసరమూ లేదు. ఆ యాంటీబాడీ కొందరిలో కొన్నాళ్లకు పోతుంది, చాలామందిలో ఏళ్ల తరబడి ఉంటుంది. కాబట్టి పాథాలజిస్టు సంతకంతో ఒక కాగితం తీసుకుని అమ్మగారి ఫైలులో మొదటి పేజీగా పెట్టండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మాస్టారికి నేను రాసిచ్చింది ఇది: 'ఈయన రక్తంలో ఈడీటీఏతో ప్లేట్‌లెట్లు ముద్దకడతాయి. ఊదా ట్యూబ్ ప్లేట్‌లెట్ కౌంట్ నమ్మకూడదు. సిట్రేట్ ట్యూబ్ గీత దాకా నింపి, వెంటనే కౌంట్ చేసి, 1.1తో గుణించాలి. స్మియర్ తప్పనిసరిగా చూడాలి.' ఆపరేషన్ రోజు ఎనస్థీషియా డాక్టరు గారి చేతికి ముందు ఆ కాగితమే ఇవ్వండి. ఆపరేషన్ తర్వాత వార్డులో పొద్దున్నే రక్తం తీయడానికి వచ్చే సిస్టర్‌కి కూడా చూపించండి, ఎందుకంటే అక్కడ మళ్లీ ఊదా ట్యూబే తెస్తారు.

రేపటి అంకెలు వచ్చాక ఇక్కడే పెట్టండి. రెండు ట్యూబుల హిమోగ్లోబిన్ కూడా రాయండి, చూసి చెప్తాను.